లాప్‌టాప్ తెర మీద బాగున్న విండో మానిటర్ మీదకి వెళ్లగానే ఎందుకు చెడిపోతుంది?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విజయవాడ గవర్నర్‌పేట, ఏలూరు రోడ్డు వైపు డీటీపీ పని చేసుకునేవాళ్లకి, గుంటూరులో దుకాణం లెక్కలు రాసుకునేవాళ్లకి ఇది కొత్త లాప్‌టాప్ కొనాల్సిన సందర్భం అయింది. కొత్త లాప్‌టాప్ అంటే ఇప్పుడు 14 అంగుళాల్లోనే 2880×1800 పిక్సెళ్ల తెర దొరుకుతోంది. టేబుల్ మీద ఉన్న 24 అంగుళాల పాత మానిటర్‌ని మాత్రం ఎవరూ పారెయ్యరు. అది బాగానే పనిచేస్తోంది కదా, హెచ్‌డీఎంఐ వైరు తగిలిస్తే సరి అనుకుంటారు.

తగిలించాకే అసలు చికాకు మొదలవుతుంది. విండోని ఒక తెర మీద నుంచి రెండో తెర మీదకి లాగుతుంటే సగం దారిలో ఉన్నట్టుండి ఉబ్బుతుంది, లేదా ముడుచుకుపోతుంది. కొన్ని ప్రోగ్రాముల్లో అక్షరాలు మసకబారతాయి. పక్కనే ఉన్న ఇంకో ప్రోగ్రాం అద్దంలా ఉంటుంది. నిన్న బాగున్న ప్రోగ్రామే ఇవాళ మసకగా కనిపించడం కూడా మామూలే. మానిటర్ పోయిందనుకునేవాళ్లు కొందరు, లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ లోపం ఉందనుకునేవాళ్లు కొందరు. చాలాసార్లు రెండూ కావు.

ఈ వ్యాసం విండోస్ 11 గురించి. ఉదాహరణకి ఒక డీటీపీ సెంటర్ టేబుల్‌ని తీసుకుందాం. దాని మీద పైన చెప్పిన 14 అంగుళాల లాప్‌టాప్, 1920×1080 పిక్సెళ్ల 24 అంగుళాల మానిటర్ ఉన్నాయి. ఆపరేటర్ రోజూ వాడేవి మూడు: బ్రౌజర్, ఇరవై ఏళ్ల కిందటి పేజీ లేఅవుట్ ప్రోగ్రాం, ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. ఈ మూడూ మూడు రకాలుగా ప్రవర్తిస్తాయి. ఆ మూడు రకాలు అర్థమైతే సమస్యలో చాలా భాగం విడిపోతుంది.

## రెండు తెరల్లో పిక్సెల్ ఒకే సైజులో ఉండదు

తెర మీది ప్రతి బొమ్మా, ప్రతి అక్షరమూ చిన్న చుక్కలతో ఏర్పడుతుంది. ఆ చుక్కే పిక్సెల్. తెర ఎంత పెద్దది, ఎన్ని పిక్సెళ్లున్నాయి అన్న రెండు లెక్కలు కలిపితే అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో తెలుస్తుంది. మన మానిటర్‌లో అంగుళానికి దాదాపు 92 పిక్సెళ్లు వస్తాయి. లాప్‌టాప్‌లో దాదాపు 243. అంటే మానిటర్‌లో ఒక పిక్సెల్ ఆక్రమించే వెడల్పులో లాప్‌టాప్‌లో రెండున్నర పిక్సెళ్లకి పైగా పడతాయి.

ఇప్పుడు 12 పిక్సెళ్ల ఎత్తున్న ఒక అక్షరాన్ని ఊహించండి. మానిటర్ మీద అది 3.3 మిల్లీమీటర్లు ఉంటుంది, హాయిగా చదవొచ్చు. అవే 12 పిక్సెళ్లు లాప్‌టాప్ మీద 1.3 మిల్లీమీటర్లకి కుంచించుకుపోతాయి. ఇంగ్లిష్ అయితే కళ్లు చికిలించి లాక్కురావచ్చేమో. తెలుగులో కష్టం. ద, ధ, థ మధ్య ఉన్నదే ఒక చిన్న గీత, ఒక చిన్న చుక్క. ప్రూఫ్ దిద్దేవాళ్లకి అవి కనపడకపోతే పనే లేదు.

అందుకే విండోస్‌లో స్కేల్ అనే ఏర్పాటు ఉంది. 100 శాతం అంటే ఒక అంగుళానికి 96 పిక్సెళ్లన్న పాత లెక్క. 200 శాతం పెడితే ప్రతిదాన్నీ నిలువుగా, అడ్డంగా రెట్టింపు పిక్సెళ్లతో గీయమని అర్థం. మన లాప్‌టాప్‌కి 200, మానిటర్‌కి 100 పెట్టడం సహజం. Settings లో System, ఆ లోపల Display తెరిచి, పైన కనపడే పెట్టెల్లో ఒక్కో తెరని ఎంచుకుని, దాని Scale విడిగా చూడొచ్చు. గొడవంతా ఈ రెండు అంకెలు వేరు కావడంలోనే ఉంది. అలాగని రెండూ ఒకటే చేస్తే సమస్య పోదు, వేరే చోట తేలుతుంది. ఆ సంగతి తర్వాత చూద్దాం.

## లాగుతుంటే సైజు ఎక్కడ గెంతుతుంది, ఎందుకు గెంతుతుంది

బ్రౌజర్ విండో ఒకటి 100 శాతం లెక్కలో 800×600 ఉందనుకుందాం. లాప్‌టాప్ మీద 200 శాతం కాబట్టి అది నిజంగా వాడేది 1600×1200 పిక్సెళ్లు. కొలబద్ద పెట్టి కొలిస్తే వెడల్పు 6.6 అంగుళాలు. దాన్ని మెల్లగా మానిటర్ వైపు లాగుతున్నాం.

ఒక విండోని విండోస్ ఒక సమయంలో ఒకే స్కేల్‌లో గీస్తుంది. సగం ఇటు 200లో, సగం అటు 100లో గీయదు. కాబట్టి విండోలో కొద్ది భాగం మానిటర్ మీదకి దాటినప్పుడు ఆ భాగం కూడా ఇంకా 200 శాతంలోనే ఉంటుంది. పెద్ద పిక్సెళ్ల తెర మీద అది భూతద్దంలో చూసినంత కనిపిస్తుంది. ఆ లెక్కన విండో మొత్తం అక్కడికి వెళితే వెడల్పు 17.4 అంగుళాలు అవుతుంది, 1200 పిక్సెళ్ల ఎత్తు 1080 పిక్సెళ్ల మానిటర్‌లో అసలు పట్టదు.

విండోలో ఎక్కువ భాగం మానిటర్ మీదకి చేరగానే విండోస్ ఆ ప్రోగ్రాంకి ఒక కబురు పంపుతుంది. దాని పేరు WM_DPICHANGED. ఇందులో DPI అంటే అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క. ‘నువ్విప్పుడు 100 శాతం తెర మీద ఉన్నావు, నీ కొత్త కొలతలు ఇవి’ అని అందులో ఉంటుంది. ప్రోగ్రాం వెంటనే 800×600 పిక్సెళ్లకి మారి తనని తాను మళ్లీ గీసుకుంటుంది. మనకి కనపడే గెంతు అదే. అప్పటికింకా లాప్‌టాప్ వైపు మిగిలిన కొస ఒక్కసారిగా చీమంత అయిపోతుంది.

అంటే మంచి ప్రోగ్రాంలో ఈ గెంతు లోపం కాదు, పని సరిగ్గా జరుగుతోందన్న గుర్తు. గెంతు తర్వాత అక్షరాలు స్ఫుటంగా ఉన్నాయా లేదా అన్నదే చూసుకోవాలి. గెంతే చూడబుద్ధి కాకపోతే మౌస్‌తో లాగడం మానేసి, Win, Shift కలిపి నొక్కి పట్టుకుని కుడి లేదా ఎడమ బాణం నొక్కండి. విండో ఒక్క దెబ్బలో అవతలి తెరకి చేరుతుంది, సగం ఇటు సగం అటు ఉండే దశే రాదు.

నిజంగా లోపం అనదగ్గ గెంతు వేరేది ఉంది. కొన్ని ప్రోగ్రాములు కబురు అందుకుంటాయి గానీ విండోస్ సూచించిన కొలతలు పక్కన పెట్టి సొంత లెక్క వేసుకుంటాయి. ఆ సొంత సైజుకి మారగానే విండోలో ఎక్కువ భాగం మళ్లీ పాత తెర మీద పడొచ్చు. అప్పుడు ఇంకో కబురు, ఇంకో మార్పు. హద్దు మీద విండో గిలగిల కొట్టుకున్నట్టు కనిపిస్తే, లేదా అటూ ఇటూ తిప్పిన ప్రతిసారీ కొంచెం కొంచెం చిన్నదైపోతుంటే, తప్పు ఆ ప్రోగ్రాం రాసినవాళ్లది. సెట్టింగులు మార్చి దాన్ని పూర్తిగా బాగుచెయ్యలేం.

ఇంకో అనుమానం చాలామందికి వస్తుంది. గెంతు అయిపోయాక కూడా విండో రెండు తెరల మీదా ఒకే సైజులో లేదేమిటి? నిజమే. లాప్‌టాప్ మీద 6.6 అంగుళాలున్న విండో మానిటర్ మీద 8.7 అంగుళాలవుతుంది. కానీ మనం రెండు తెరల్నీ ఒకే దూరం నుంచి చూడం. లాప్‌టాప్ కంటికి 50 సెంటీమీటర్ల దూరంలో, మానిటర్ 70 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. మొదటిదాంట్లో విండో వెడల్పు 16.8 సెంటీమీటర్లు, అంటే చూసే దూరంలో మూడో వంతు. రెండోదాంట్లో 22.1 సెంటీమీటర్లు, అదీ ఇంచుమించు మూడో వంతే. కంటికి రెండూ దాదాపు ఒకేలా ఆనతాయి. రెండు తెరల్నీ ఒకే దూరంలో పక్కపక్కనే పెట్టుకునేవాళ్లకి మాత్రం తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. వాళ్లు లాప్‌టాప్‌ని 225 లేదా 250 శాతానికి పెంచి చూసుకోవచ్చు. 250 దగ్గర సైజులు బాగా దగ్గర పడతాయి. కానీ లాప్‌టాప్ తెర మీద పట్టే సరుకు తగ్గిపోతుంది. 1440×900 లెక్కలో ఉన్న చోటు 1152×720కి వస్తుంది.

## మసక ఎక్కడిది: ప్రోగ్రాముల్లో మూడు రకాలు

పైన చెప్పిన కబురు అందుకోవడం తెలిసిన ప్రోగ్రాములు కొన్నే. ఈ వ్యవస్థ ఒక్కసారిగా రాలేదు, కొన్నేళ్ల పాటు ఒక్కో మెట్టుగా వచ్చింది. ప్రోగ్రాం ఏ మెట్టు దగ్గర ఆగిందన్న దాన్నిబట్టి మసక ఎక్కడ కనిపిస్తుందో తేలుతుంది.

మొదటి రకానికి స్కేల్ అన్న సంగతే తెలియదు. లోకమంతా 100 శాతమే అనుకుంటుంది. మన పాత పేజీ లేఅవుట్ ప్రోగ్రాం ఈ రకం. అది 100 శాతంలో గీసిన బొమ్మని విండోస్ తీసుకుని, లాప్‌టాప్ మీద చూపించడానికి రెట్టింపుకి సాగదీస్తుంది. అచ్చు కాగితాన్ని జిరాక్స్‌లో పెద్దది చేసినట్టు అక్షరం పెరుగుతుంది కానీ అంచు చెదురుతుంది. మానిటర్ మీద సాగదీయాల్సిన పనే లేదు కాబట్టి అక్కడ ఎప్పుడూ స్ఫుటంగానే ఉంటుంది.

రెండో రకం విస్టా కాలం నుంచి ఉంది. దీనికి స్కేల్ తెలుసు, కానీ ఒక్కటే తెలుసు. మనం విండోస్‌లోకి సైన్ ఇన్ అయిన క్షణంలో ప్రధాన తెరకి ఏ స్కేల్ ఉందో అదే దానికి లోకం. తర్వాత తెర మారినా, వైరు తగిలించినా, ఆ అంకె మారదు. మన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఈ రకం. ఎక్కువ మందిని తికమక పెట్టేది కూడా ఇదే.

మూడో రకం ఏ తెర మీద ఉంటే ఆ తెరకి తగ్గట్టు గీసుకుంటుంది. దీనికి 2013లో విండోస్ 8.1 పునాది వేసింది. 2017లో విండోస్ 10కి వచ్చిన క్రియేటర్స్ అప్‌డేట్‌లో రెండో రూపం వచ్చింది. మెనూలు, డైలాగ్ పెట్టెలు, టైటిల్ బార్ కూడా సరిగ్గా మారడం అప్పటినుంచే సులువైంది. ఇప్పటి బ్రౌజర్లన్నీ ఈ రకమే.

మీ ప్రోగ్రాం ఏ రకమో ఊహించాల్సిన పనిలేదు. టాస్క్ మేనేజర్‌లో Details కి వెళ్లి, నిలువు వరుసల పేర్ల మీద కుడి క్లిక్ చేసి, Select columns లో DPI Awareness కి టిక్ పెట్టండి. ఆ వరుసలో Unaware అని ఉంటే మొదటి రకం, System అని ఉంటే రెండోది, Per Monitor అని ఉంటే మూడోది. మందు వెయ్యకముందు ఈ వరుస చూడటం నా దృష్టిలో తప్పనిసరి. ఇది చూడకుండా సెట్టింగులు అటూ ఇటూ మార్చేవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు.

## ముందు తేల్చుకోవాల్సింది: మసక ప్రోగ్రాందా, మానిటర్‌దా

అన్ని మసకలూ స్కేల్ వల్ల రావు. మానిటర్ మీద టాస్క్‌బార్, డెస్క్‌టాప్ ఐకాన్ల పేర్లు, బ్రౌజర్ అన్నీ మసకగా ఉంటే కారణం ప్రోగ్రాముల్లో లేదు. తెరకి వెళ్లే సిగ్నల్ దగ్గరే తేడా ఉంది. అలాంటప్పుడు Display resolution లో Recommended అని ఉన్న అంకె ఎంచుకున్నారో లేదో చూడాలి. ఆ తర్వాత Extend these displays బదులు Duplicate these displays ఉందేమో చూడాలి. డూప్లికేట్‌లో రెండు తెరలకీ ఒకే రిజల్యూషన్ వెళుతుంది, కాబట్టి కనీసం ఒకదానికి అది సొంత కొలత కాకుండా పోతుంది. మానిటర్ బదులు పాత టీవీని వాడేవాళ్లకి ఇంకో చిక్కు: కొన్ని టీవీలు వచ్చిన బొమ్మని అంచులు కత్తిరించి కొంచెం పెద్దది చేసి చూపిస్తాయి. దాన్ని టీవీ మెనూలోనే ఆపాలి.

ఒక్క ప్రోగ్రామే మసకగా ఉండి పక్కవి బాగుంటే అది స్కేల్ గొడవే. ఇంకా అనుమానంగా ఉంటే ఒక సులువైన పరీక్ష ఉంది. మసకగా కనిపించే చోట స్క్రీన్‌షాట్ తీసి, పెయింట్‌లో తెరిచి బాగా జూమ్ చేయండి. విండోస్ సాగదీసిన మసక స్క్రీన్‌షాట్‌లోకి కూడా వస్తుంది, అక్షరాల అంచులు అలుక్కుపోయినట్టుంటాయి. స్క్రీన్‌షాట్‌లో అక్షరం శుభ్రంగా ఉండి తెర మీద మాత్రమే మసకగా ఉంటే వైరు, మానిటర్ సెట్టింగుల వైపు చూడాలి.

ఇక మూడో సంగతి చాలామంది ఒప్పుకోరు. కొత్త లాప్‌టాప్ తెరకి అలవాటు పడ్డ కంటికి 92 పిక్సెళ్ల మానిటర్ ఎలాగూ మొరటుగానే కనిపిస్తుంది. అది మసక కాదు, ఆ తెరకి ఉన్న పిక్సెళ్లు అంతే. అక్షరాల అంచుల్ని నునుపుగా చూపించే క్లియర్‌టైప్ అనే విండోస్ ఏర్పాటుని మానిటర్‌కి సరిచేసుకుంటే కొంచెం మెరుగవుతుంది. స్టార్ట్ మెనూలో `cttune` అని కొట్టి, తెర వారీగా అడిగే ప్రశ్నలకి బాగా కనపడే నమూనా ఎంచుకుంటూ పోవడమే. అంతకు మించి ఆశించకూడదు.

## బిల్లింగ్ సాఫ్ట్‌వేర్: నిన్న బాగుంది, ఇవాళ మసక

ఇప్పుడు మన టేబుల్ దగ్గరికి వద్దాం. ఆపరేటర్ రాత్రి ఇంటి దగ్గర లాప్‌టాప్ తెరిచింది. అప్పుడు ఉన్నది ఒక్క తెరే, 200 శాతం. సైన్ ఇన్ అయింది. పొద్దున మూత వేసి, షట్‌డౌన్ చెయ్యకుండానే షాపుకి తెచ్చి మానిటర్ తగిలించింది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఇంకా లోకం 200 శాతమే. దాన్ని మానిటర్ మీదకి లాగితే, అది రెట్టింపు సైజులో గీసిన బొమ్మని విండోస్ సగానికి కుదించి చూపిస్తుంది. సన్నని గీతలు వెలిసిపోతాయి, అంకెలు మెత్తబడతాయి.

మర్నాడు ఆమె షాపుకి వచ్చాక, మానిటర్ తగిలించి, అదే ప్రధాన తెరగా ఉండగా కంప్యూటర్ ఆన్ చేసింది. ఈసారి సైన్ ఇన్ అయిన క్షణంలో ప్రధాన తెర స్కేల్ 100. బిల్లింగ్ మానిటర్ మీద అద్దంలా ఉంది. అదే విండోని లాప్‌టాప్ మీదకి లాగితే మాత్రం రెట్టింపు సాగి మసకబారింది. సాఫ్ట్‌వేర్ మారలేదు, సెట్టింగులూ మారలేదు, సైన్ ఇన్ అయినప్పుడు ఏ తెర ప్రధానంగా ఉందన్నదే మారింది.

కాబట్టి దీనికి చెయ్యాల్సింది ముందుగా నిర్ణయించుకోవడం: ఈ ప్రోగ్రాం ఎక్కువసేపు ఏ తెర మీద ఉంటుంది? మానిటర్ మీదైతే, Display లో మానిటర్ పెట్టెని ఎంచుకుని Make this my main display కి టిక్ పెట్టి, సైన్ అవుట్ అయి మళ్లీ సైన్ ఇన్ కావాలి. మూత వేసి తీస్తే చాలదు, సైన్ అవుట్ కావాల్సిందే.

రోజూ ఇల్లూ షాపూ తిరిగేవాళ్లకి ప్రతిసారీ సైన్ అవుట్ అంటే విసుగే. వాళ్లకి ఇంకో దారి ఉంది. ప్రోగ్రాం ఐకాన్ మీద కుడి క్లిక్ చేసి Properties, అందులో Compatibility, అందులో Change high DPI settings నొక్కండి. అక్కడ Program DPI కింద ఉన్న గడికి టిక్ పెట్టి, కింది ఎంపికలో I open this program ఎంచుకోవచ్చు. అప్పుడు సైన్ ఇన్ సమయం కాకుండా ఆ ప్రోగ్రాం తెరిచే సమయానికి ప్రధాన తెర స్కేల్ ఎంతో అది లెక్కలోకి వస్తుంది. మానిటర్ తగిలించాక బిల్లింగ్ మూసి మళ్లీ తెరిస్తే చాలు. ఇంత చేసినా దీనికి తెలిసేది ఒక్క స్కేలే. ఒక తెర మీద స్ఫుటంగా, రెండో తెర మీద మసకగా ఉండక తప్పదు.

## పాత లేఅవుట్ ప్రోగ్రాం: మూడు ఎంపికలు, దేని ఖరీదు దానిదే

ఇందాక Change high DPI settings నొక్కితే వచ్చిన పెట్టెలోనే కింద Override high DPI scaling behavior అని ఉంటుంది. దానికి టిక్ పెడితే Application, System, System (Enhanced) అని మూడు ఎంపికలు తెరుచుకుంటాయి. ఏది మార్చినా ప్రోగ్రాం మూసి తెరిస్తేనే పనిచేస్తుంది.

Application అంటే ‘విండోస్ చెయ్యి పెట్టొద్దు, ప్రోగ్రామే చూసుకుంటుంది’ అని. మసక పూర్తిగా పోతుంది. అందుకే ఈ చిట్కా ఎక్కువగా చెబుతారు. కానీ మన ప్రోగ్రాంకి చూసుకోవడం తెలియదు. లాప్‌టాప్ మీద దాని మెనూలు, టూల్ బొమ్మలు ఇందాక లెక్కేసిన 1.3 మిల్లీమీటర్ల సైజుకి వచ్చేస్తాయి. స్ఫుటంగానే ఉంటాయి, చదవలేం.

System అంటే ఎప్పుడూ విండోస్ సాగదీయాల్సిందే అని. ఇప్పటికే సాగదీస్తున్న ప్రోగ్రాంకి దీనివల్ల కొత్తగా ఒరిగేదేమీ లేదు. తనకి స్కేల్ తెలుసని చెప్పుకుంటూ బటన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కించే ప్రోగ్రాములకి ఇది పనికొస్తుంది. మసక వస్తుంది కానీ అమరిక చెడదు.

System (Enhanced) మాత్రం ప్రయత్నించి చూడాలి. పాత ప్రోగ్రాములు చాలావరకు విండోస్‌లోని జీడీఐ అనే పాత గీత పద్ధతిలో అక్షరాలు రాస్తాయి. ఈ ఎంపిక పెడితే విండోస్ తయారైన బొమ్మని సాగదీసే బదులు, ఆ గీత ఆదేశాలనే పెద్ద సైజులో అమలు చేస్తుంది. మెనూలు, డైలాగ్ పెట్టెల్లో అక్షరాలు ఒక్కసారిగా తేటపడతాయి. ఫొటోలు, టూల్ బొమ్మలు మాత్రం మసకగానే ఉంటాయి, అవి పిక్సెళ్ల బొమ్మలు కాబట్టి. ప్రోగ్రాం జీడీఐ వాడకపోతే ఏ తేడా ఉండదు. కొన్నిసార్లు వికటిస్తుంది కూడా: అక్షరాలు పెట్టెల్లో పట్టక తెగిపోవడం, పేజీ మీద గీతలు అరిగినట్టు కనపడటం వంటివి. అలా కనిపిస్తే టిక్ తీసేస్తే పాత స్థితికి వచ్చేస్తుంది, నష్టమేమీ లేదు.

ఈ ప్రోగ్రాంకి నేనైతే చెప్పేది ఒకటే: మానిటర్ మీదే ఉంచండి. అక్కడ అది 100 శాతంలో పుట్టిన తెర మీద ఉన్నట్టే ఉంటుంది, ఏ మందూ అక్కర్లేదు. లాప్‌టాప్ మీద తప్పనిసరి అయినప్పుడు Enhanced పెట్టి చూడండి. ఇంకోటి, పెళ్లి శుభలేఖ తెర మీద మసకగా ఉందని అచ్చులో కూడా మసక వస్తుందేమోనని టెన్షన్ పడక్కర్లేదు. అచ్చుకీ పీడీఎఫ్‌కీ వెళ్లేవి ఫాంట్‌లోని అసలు ఆకృతులు, తెర కోసం సాగదీసిన పిక్సెళ్లు కావు.

## ‘రెండింటికీ ఒకే స్కేల్ పెట్టేస్తే పోలా?’

ఈ మాట అనేవాళ్లు తక్కువేం కాదు, వాళ్ల వాదనలో పస లేకపోలేదు. రెండు తెరలూ 100 శాతంలో ఉంటే గెంతు ఉండదు, ఏ ప్రోగ్రాంనీ సాగదీయాల్సిన పని ఉండదు. అయితే లాప్‌టాప్ రిజల్యూషన్ తగ్గించాలి, లేకపోతే అక్షరాలు కనపడవు. ఎంతకి తగ్గిస్తారన్నదాని మీదే ఫలితం ఆధారపడుతుంది.

మానిటర్ 1920 కదా అని లాప్‌టాప్‌ని 1920×1200కి దించితే, 1920 చుక్కల్ని 2880 పిక్సెళ్ల మీద పరచాలి. ఒక్కో చుక్కకి ఒకటిన్నర పిక్సెల్. అర పిక్సెల్ వెలిగించడం కుదరదు కాబట్టి పక్కవాటితో కలిపి సర్దుతుంది. ఫలితంగా లాప్‌టాప్ తెర మొత్తం, అన్ని ప్రోగ్రాములూ మెత్తబడతాయి. ఒక్క ప్రోగ్రాం మసక పోగొట్టడానికి అన్నింటినీ మసక చేసుకున్నట్టు.

1440×900 అయితే సరిగ్గా సగం. ఒక చుక్కకి నాలుగు పిక్సెళ్లు, శేషం లేదు. గ్రాఫిక్స్ డ్రైవర్‌లో ఒక్కో చుక్కని పూర్ణ సంఖ్యలోనే పిక్సెళ్లకి పెంచే ఇంటీజర్ స్కేలింగ్ లాంటి ఎంపిక ఉంటే అంచులు పదునుగానే వస్తాయి. లేకపోతే అక్కడా కొంత మెత్తదనం ఉంటుంది. రోజంతా రెండు మూడు పాత ప్రోగ్రాములతోనే పని, వాటిని రెండు తెరల మీదకీ తిప్పుతూ ఉండాలి అనేవాళ్లకి ఇది తప్పు ఎంపిక కాదు. కానీ డబ్బు పెట్టి కొన్న తెరలో పిక్సెళ్ల వివరం ముప్పాతిక వదులుకున్నట్టే. ఫొటోలు, సన్నటి తెలుగు అక్షరాలు ఎక్కువగా చూసేవాళ్లకి ఆ లోటు వెంటనే తెలుస్తుంది.

రిజల్యూషన్ ముట్టుకోకుండా, Scale పక్కనున్న Custom scaling లో సొంత అంకె కొట్టడం మూడో దారి. ఇక్కడ ఒక గోతిలో పడే ప్రమాదం ఉంది. ఆ అంకె ఒక్క తెరకి కాదు, అన్ని తెరలకీ వర్తిస్తుంది. 175 కొడితే లాప్‌టాప్‌తో పాటు మానిటర్ కూడా 175 అవుతుంది, అక్కడ అక్షరాలు బండల్లా తయారవుతాయి. ఎప్పుడో సరదాగా కొట్టి మర్చిపోయినవాళ్లు కూడా ఉంటారు. రెండు తెరల Scale విడివిడిగా మారనివ్వకపోతే ముందు ఇదే చూసి, సొంత అంకె తీసేసి సైన్ అవుట్ కావాలి.

మానిటరే మార్చడం నాలుగో దారి. 27 అంగుళాల 4కె మానిటర్‌లో అంగుళానికి 163 పిక్సెళ్లు, 150 శాతం దగ్గర బాగుంటుంది. దాంతో తేడా తగ్గుతుంది కానీ 150, 200 వేరు వేరే కాబట్టి రెండో రకం ప్రోగ్రాముల గొడవ అలాగే ఉంటుంది. పైగా ఇప్పటిదాకా మానిటర్ మీద స్ఫుటంగా ఉన్న పాత లేఅవుట్ ప్రోగ్రాం అక్కడ కూడా ఒకటిన్నర రెట్లు సాగి మసకబారుతుంది. పాత ప్రోగ్రాములు వాడేవాళ్లకి మామూలు మానిటరే మేలన్నది వినడానికి వింతగా ఉన్నా నిజం.

## మౌస్ గోడకి తగిలినట్టు ఆగిపోవడం

ఇదీ ఇదే కుటుంబంలోది. Display లోని పెట్టెల్లో లాప్‌టాప్ పెట్టె మానిటర్ పెట్టె కన్నా పెద్దదిగా ఉంటుంది, ఎందుకంటే విండోస్ వాటిని పిక్సెళ్లలో కొలుస్తుంది: 1800 ఎత్తు పక్కన 1080 ఎత్తు. టేబుల్ మీద చూస్తే మానిటరే పెద్దది. లాప్‌టాప్ అంచులో 720 పిక్సెళ్ల మేర పక్కన ఏ తెరా లేనట్టే, అక్కడ మౌస్ ఆగిపోతుంది. పెట్టెల్ని మౌస్‌తో లాగి, మీరు ఎక్కువగా దాటే చోట అంచులు కలిసేలా పెట్టుకోండి. Multiple displays కింద Ease cursor movement between displays కి టిక్ పెడితే మౌస్ చాలావరకు ఆగకుండా జారిపోతుంది.

## రాసేవాళ్ల వైపు నుంచి

విజయవాడ, గుంటూరుల్లో షాపుల కోసం బిల్లింగ్, లెక్కల సాఫ్ట్‌వేర్ రాసి ఇచ్చేవాళ్లు ఉన్నారు. మీరు అలాంటివాళ్లకి ఫిర్యాదు చేస్తే ‘మానిటర్ మార్చుకోండి’ అనే జవాబు సరైనది కాదు. ప్రోగ్రాం గురించి విండోస్‌కి చెప్పే మానిఫెస్ట్ అనే ఫైల్లో, windowsSettings భాగం లోపల ఈ ఒక్క వరుసతో తన రకం చెప్పుకోవచ్చు:

```xml
<dpiAwareness xmlns="http://schemas.microsoft.com/SMI/2016/WindowsSettings">PerMonitorV2</dpiAwareness>
```

అయితే వరుస రాసేసి ఊరుకుంటే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. ఇలా రాసిన వెంటనే విండోస్ సాగదీయడం మానేస్తుంది. ప్రోగ్రాంలో బటన్ల కొలతలు, ఫాంట్ సైజు, వరుసల ఎత్తు పిక్సెళ్లలో కట్టేసి ఉంటే, లాప్‌టాప్ మీద కొన్ని పెరుగుతాయి, కొన్ని అలాగే ఉండిపోతాయి. స్కేల్ మారిన కబురు వచ్చినప్పుడల్లా అన్నింటినీ మళ్లీ లెక్కించే కోడ్ కూడా ఉండాలి. పదేళ్ల నాటి ప్రోగ్రాంలో అది వారం రోజుల్లో తెమిలే పని కాకపోవచ్చు. రాసేవాళ్లు వెనకాడటానికి అదీ ఒక కారణమే. ఈలోగా వాళ్లని ఒకటి అడగొచ్చు: డాట్‌నెట్‌లో విన్‌ఫార్మ్స్ వాడుతున్నారా, ఏ వెర్షన్? డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.7కి ముందుదైతే తెర తెరకీ మారే ఏర్పాటు దాంట్లో సరిగ్గా లేదు. ముందు ఆ వెర్షన్ పెంచకుండా ఈ వరుస ఒక్కటే రాస్తామంటే వద్దనండి.